నికోల్స్ చార్టులో బ్యాండ్‌విడ్త్ ఎక్కడ చదవాలి: అడ్డగీత మీదా, వంపు గీత మీదా?

పాలమూరు ఈఈఈ
ఇంటర్నల్‌లో `G(s) = 10/(s(1+0.1s))` ఇచ్చారు, యూనిటీ ఫీడ్‌బ్యాక్. నికోల్స్ చార్టు మీద గీసి రెజోనెంట్ పీక్, బ్యాండ్‌విడ్త్ చెప్పమన్నారు. నా కర్వ్ -3 డీబీ గీతను సరిగ్గా 10 రేడియన్ల దగ్గర దాటింది, అదే రాశాను. పక్కనోడు 12.7 రాశాడు, వాడికి ఫుల్ మార్కులు, నాకు సున్నా. పీక్ గెయిన్ క్రాసోవర్ దగ్గర చదివి 1.2 డీబీ అని రాస్తే సగం మార్కులే వేశారు. నా తప్పేంటి?

కోదాడ కంట్రోల్స్
తమ్ముడూ, దీనికి చార్టు దాకా ఎందుకు? క్రాసోవర్ 7.86, ఫేజ్ మార్జిన్ 52 డిగ్రీలు. పీక్‌కి `1/(2 sin(PM/2))` వేసుకో, 1.14 వస్తుంది, అంటే 1.17 డీబీ. బ్యాండ్‌విడ్త్‌కి క్రాసోవర్‌ని 1.6తో గుణించు, 12.6. రెండు నిమిషాల పని. నేను గేట్‌కి ప్రిపేర్ అయినన్ని రోజులు ఇలాగే చేశా. నువ్వు పీక్ 1.2 అని రాయడంలో తప్పే లేదు, రీచెకింగ్ అడుగు.

నల్లగొండ మేడం
బాబూ, తికమక ఎక్కడో చెప్తాను. ఆ చార్టులో రెండు రకాల గీతలుంటాయి, రెండింటి మీదా డీబీ అనే రాసి ఉంటుంది. అడ్డంగా తిన్నగా పోయేవి ఓపెన్ లూప్‌వి. వంకర తిరిగినవి క్లోజ్డ్ లూప్‌వి. వాటిలో 0 కంటే పెద్దవి -180 డిగ్రీలు, 0 డీబీ బిందువు చుట్టూ ఉంగరాల్లా ఉంటాయి, 0 కంటే చిన్నవి కింద అలల్లా పోతాయి. నువ్వు 10 దగ్గర దాటించింది తిన్నటి గీతను.

ఆ 10 దగ్గరే నీ లెక్క నువ్వే వేసి చూడు. ఓపెన్ లూప్ 0.707, కోణం -135. అంటే `G = -0.5 - j0.5`, `1+G = 0.5 - j0.5`. రెండింటి పొడవూ సమానం, భాగిస్తే 1. క్లోజ్డ్ లూప్ అక్కడ 0 డీబీలో ఉంది. ఇన్‌పుట్ ఎంత ఊగితే అవుట్‌పుట్ కూడా అంతే ఊగుతున్న చోట బ్యాండ్‌విడ్త్ అయిపోయిందని రాస్తే దిద్దేవాళ్లు ఏం చేస్తారు మరి?

-3 వంపు గీత ఎలా పోతుందో ఒకసారి వేలితో తడిమి చూడు. -90 డిగ్రీల దగ్గర అది 0 డీబీ ఎత్తులో ఉంటుంది. -135 దగ్గరికి వచ్చేసరికి -5.7కి దిగుతుంది, -180 దగ్గర -7.7కి. తిన్నటి -3 గీతా ఇదీ కలిసేది -111 డిగ్రీల దగ్గర ఒక్కచోటే. నీ కర్వ్ ఆ బిందువు గుండా పోనే పోదు, కాబట్టి రెండు జవాబులూ ఒకటయ్యే అవకాశమే లేదు.

ఇక 12.7 ఎలా వస్తుందంటే, చార్టు అక్షాల మీద ఫ్రీక్వెన్సీ ఉండదు కదా, కర్వ్ మీద మనమే చుక్కలు పెట్టి రాసుకోవాలి. 12 దగ్గర నీ చుక్క -140 డిగ్రీలు, -5.5 డీబీ. అదే కోణం దగ్గర వంపు గీత -6.15లో ఉంది, అంటే చుక్క ఇంకా పైనే. 13 దగ్గర చుక్క -142 డిగ్రీలు, -6.6 డీబీ. వంపు గీత -6.3లో, చుక్క కిందికి దిగిపోయింది. మధ్యలో దాటింది, 13కి కాస్త దగ్గరగా. మీ పక్కబ్బాయి చేసింది ఇదే. పీక్ అసలు విలువ 1.155, అంటే 1.25 డీబీ.

మిర్యాలగూడ మిల్లు
మేడం గారూ, మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మా రైస్ మిల్లులో బాయిలర్ ఫీడ్ పంపుకి డ్రైవ్ పెట్టి ప్రెజర్ కంట్రోల్ చేస్తున్నాం. 4 బార్ సెట్ చేస్తే ఒక్కసారి 4.6 దాకా పోయి దిగుతుంది. పీక్ 1.155 అంటే 15 శాతం ఎక్కువ అనేగా? మాది కూడా 15 శాతమే. అంటే మా లూప్ పీక్ 1.25 డీబీ అనుకోవచ్చా? ఈ ప్రశ్న మా పంపు గురించే అన్నట్టుంది.

నల్లగొండ మేడం
అన్నా, అది వేరే పీక్. మీరు చూసేది సెట్ పాయింట్‌ని ఒక్కసారిగా మార్చినప్పుడు టైమ్‌లో కనిపించే ఎగుడు. ఈ అబ్బాయి అడిగేది సైన్ వేవ్ పంపితే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత పెద్దదవుతుందని. ఈ లెక్కలో ఓవర్‌షూట్ 16.3 శాతం, రెజోనెంట్ పీక్ 1.155. దగ్గర దగ్గరగా ఉండేసరికి ఒకటే అనిపిస్తుంది. గెయిన్‌ని 10 నుంచి 40కి పెంచండి, విడిపోతాయి. ఓవర్‌షూట్ 44 శాతం దగ్గర ఆగుతుంది, రెజోనెంట్ పీక్ మాత్రం 2.07 అవుతుంది, అంటే 6.3 డీబీ. 107 శాతం ఎగిరిందని ఎవరూ అనరు కదా.

మిర్యాలగూడ మిల్లు
అట్లనా. మా డ్రైవ్‌లో సైన్ వేవ్ పంపే ఆప్షన్ లేదు మేడం, స్టెప్ ఒక్కటే. అయితే మాకు ఈ చార్టు పనికిరాదన్నమాట.

జడ్చర్ల ఇన్‌స్ట్రుమెంట్
మిల్లు అన్నా, మీకు ఇంకో చిక్కు కూడా ఉంది. మీ ప్రెజర్ ట్రాన్స్‌మిటర్‌లో డ్యాంపింగ్ సెట్టింగ్ ఉంటుంది, చాలామంది రెండు మూడు సెకన్లు పెట్టి మర్చిపోతారు. అప్పుడది యూనిటీ ఫీడ్‌బ్యాక్ కాదు. చార్టు చూపించేది ట్రాన్స్‌మిటర్ తర్వాతి సిగ్నల్ పీక్, పైపులో అసలు ప్రెజర్ పీక్ కాదు. డిస్‌ప్లేలో ప్రశాంతంగా ఉంటుంది, గేజ్ ముల్లు మాత్రం కొట్టుకుంటుంది. మా దగ్గర ఒక లైన్‌లో సరిగ్గా ఇదే జరిగింది, ఆపరేటర్ చెప్తే నేనే నమ్మలేదు. ఫీడ్‌బ్యాక్‌లో ఉన్నది ఉత్త స్కేలు మాత్రమే అయితే భయం లేదు, అన్ని విలువలూ ఒకే డీబీ మేర జరుగుతాయి, పీక్ ఉన్న ఫ్రీక్వెన్సీ మారదు.

కోదాడ కంట్రోల్స్
మేడం, బ్యాండ్‌విడ్త్ సంగతి ఒప్పుకుంటా. కానీ పీక్ 1.17కీ 1.25కీ తేడా చార్టు మీద ఎవడికి కనిపిస్తుంది? పెన్సిల్ గీత మందం కూడా ఉండదు. పైగా కొన్ని చార్టుల్లో 1 డీబీ ఉంగరం తర్వాత నేరుగా 3 డీబీదే ఉంటుంది, మధ్యలో ఏమీ గీయరు. సగం మార్కులు కోయడం అన్యాయం.

నల్లగొండ మేడం
అంకెలో తేడా లేదు, చదివిన పద్ధతిలో ఉంది. కర్వ్ ఏ ఉంగరాన్ని తాకి, లోపలికి పోకుండా వెనక్కి మళ్లిందో అదే పీక్. క్రాసోవర్ అంటే 0 డీబీ తిన్నటి గీతను దాటిన చోటు. ఆ రెండూ ఒకే బిందువు కానక్కర్లేదు. ఇక్కడ పీక్ 7.07 దగ్గర, క్రాసోవర్ 7.86 దగ్గర. పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి మీ ఫార్ములా బతికింది.

ఒక్క మాట మాత్రం మీ వైపు చెప్పాలి. పీక్ ఎత్తును చార్టు బాగానే ఇస్తుంది కానీ అది ఏ ఫ్రీక్వెన్సీ దగ్గరన్నది సరిగ్గా ఇవ్వదు. 6 దగ్గరా 8 దగ్గరా క్లోజ్డ్ లూప్ ఒకటే, 1.14 డీబీ. 7 దగ్గర 1.25. అంత దూరం కర్వ్ ఉంగరాన్ని రాసుకుంటూ పోతుంది, తాకింది ఇక్కడే అని చూపించలేం. నేను పేపర్ దిద్దితే రెజోనెంట్ ఫ్రీక్వెన్సీకి 6.5 నుంచి 7.5 దాకా ఏది రాసినా మార్కులిస్తాను. బ్యాండ్‌విడ్త్ అలా కాదు, అక్కడ కర్వ్ వంపు గీతను కోసుకుంటూ దాటుతుంది కాబట్టి స్పష్టంగా తెలుస్తుంది.

మీ 1.6 సంగతి కూడా చెప్పనా? ఇదే సిస్టమ్‌లో గెయిన్ 1కి తగ్గించండి. కర్వ్ మొత్తం 20 డీబీ నిలువుగా కిందికి జారుతుంది, ఆకారం మారదు. క్రాసోవర్ 0.995, బ్యాండ్‌విడ్త్ 1.11. ఒకటిన్నర రెట్లు కూడా లేదు. ఎందుకంటే ఇప్పుడు కర్వ్ -96 డిగ్రీల దగ్గర దాటుతోంది, అక్కడ -3 వంపు గీత ఇంకా 0 డీబీకి దగ్గర్లోనే ఉంది. 1.6 పనిచేసేది వంపు గీత బాగా కిందికి దిగిన చోట.

పాలమూరు ఈఈఈ
మేడం, అర్థమైంది. ల్యాబ్‌లో ఇది కూడా వేసి చూశా, 12.7 వచ్చింది:

```
s = tf('s');
G = 10/(s*(1+0.1*s));
nichols(G); ngrid
T = feedback(G,1);
20*log10(getPeakGain(T))
bandwidth(T)
```

కానీ తర్వాత `G = 4/((1+s)*(1+0.1*s))` పెట్టి చూస్తే, చార్టులో -3 వంపు గీతను 4.2 దగ్గర దాటుతోంది, `bandwidth` మాత్రం 6.37 అంటోంది. నేను మళ్లీ ఏదో తప్పు గీతే చూస్తున్నానా?

జడ్చర్ల ఇన్‌స్ట్రుమెంట్
లేదు, ఈసారి నువ్వు సరైన గీతే చూశావు. ఈ సిస్టమ్‌లో ఇంటిగ్రేటర్ లేదు. క్లోజ్డ్ లూప్ సున్నా ఫ్రీక్వెన్సీ దగ్గరే 4/5, అంటే -1.9 డీబీలో మొదలవుతుంది. `bandwidth` ఆ మొదటి విలువ నుంచి 3 డీబీ తగ్గిన చోటు ఇస్తుంది, అంటే -4.9 వంపు గీత. చార్టులో అది అచ్చై ఉండదు, నువ్వే ఊహించుకోవాలి. నా ఓటు దానికే, 6.37. సిస్టమ్ తన మామూలు స్థాయి నుంచి ఎంత పడిందన్నదే ప్రశ్న కాబట్టి.

నల్లగొండ మేడం
నేను ఒప్పుకోను. సెట్ పాయింట్‌ని వెంటాడటమే లూప్ పని అయినప్పుడు, అడిగినదాంట్లో 0.707 వంతు కూడా ఇవ్వలేని చోటు 4.24 దగ్గరే వచ్చేసింది. దాని డీసీయే తక్కువగా ఉందని కొలబద్దను కిందికి దించడం ఏం న్యాయం? పీక్ సంగతి చూడండి, ఈ కర్వ్ ఏ ఉంగరాన్నీ తాకి మళ్లదు, మొదటి బిందువే అన్నిటికంటే ఎత్తు. అక్కడ రెజోనెంట్ పీక్ -1.9 అని రాయాలా, 0 అని రాయాలా, లేదని రాయాలా? నేనైతే లేదని రాసిన పిల్లలకే మార్కులిస్తాను.

జడ్చర్ల ఇన్‌స్ట్రుమెంట్
పీక్ లేదన్నదాంట్లో మీతోనే ఉన్నాను మేడం. బ్యాండ్‌విడ్త్‌లో కాదు. ఫిల్టర్ అయినా సెన్సర్ అయినా మేం డీసీ నుంచే కొలుస్తాం, మీ లెక్క ప్రకారం పోతే డీసీ గెయిన్ 0.7 ఉన్న ప్రతి లూప్‌కీ బ్యాండ్‌విడ్త్ సున్నా అని రాయాలి.

నల్లగొండ మేడం
డీసీలోనే 30 శాతం తప్పు చేసే లూప్‌కి ఏ బ్యాండ్‌విడ్త్ రాసినా దండగే కదండీ. ఇంటిగ్రేటర్ పెట్టండి, గొడవే ఉండదు.

మిర్యాలగూడ మిల్లు
జడ్చర్ల అన్నా, మీరు చెప్పాక ట్రాన్స్‌మిటర్ మెనూ చూసినా. డ్యాంపింగ్ 4 సెకన్లు ఉంది. సున్నా చేస్తే డిస్‌ప్లే ఒకటే ఊగుతోంది, 1 పెట్టి వదిలేసినా. రేపు పొద్దున బాయిలర్ వేసినప్పుడు గేజ్ ముల్లు చూసి చెప్తా.