రాత్రిపూట "హాయ్... ఉన్నావా" అని వస్తే ఏం రాయాలి?

మంచుబొట్టు: ఎప్పుడూ గలగలా రాసే స్నేహితురాలు రాత్రి ఒంటిగంటకి "హాయ్... ఉన్నావా" అని ఒక్క ముక్క పెట్టింది. "ఏంటి సంగతి" అంటే "ఏం లేదులే, ఊరికే" అంది. ఏడుస్తోందేమోనని అనుమానం. గుచ్చి అడగాలా, ఊరుకోవాలా?

పాతకాపు: "మెలకువగానే ఉన్నా, ఓ అరగంట ఖాళీ" అనండి. ఎంతసేపు ఉంటారో తెలిస్తే ఆవిడ తొందరపడదు. తర్వాత మీకు కనిపించింది మాత్రమే చెప్పండి: "ఈ వేళప్పుడు రాయవు కదా, అందుకని ఏదో ఉందేమో అనిపించింది. చెప్పాలనుంటే వింటా, లేదంటే కబుర్లాడుకుందాం." ఇక ఆగండి. "టైపింగ్" అని వచ్చి పోతూ ఉంటే మధ్యలో ఇంకో ప్రశ్న వేయొద్దు. రాస్తున్నది చెరిపేసి మీ ప్రశ్నకే జవాబిస్తుంది.

సూటిమాట: ఎందుకీ డొంకతిరుగుడు? "ఏడుస్తున్నావా" అని అడిగేస్తే పోలా?

పాతకాపు: మొహమాటస్తురాలైతే "లేదు" అనేస్తుంది. ఒకసారి లేదన్నాక నిజం చెప్పాలంటే తన మాట తనే వెనక్కి తీసుకోవాలి. అక్కడే చాలామంది ముడుచుకుపోతారు.

గోడమీదిపిల్లి: మూడు చుక్కలు పెడితే బాధేనా? నేను ప్రతి వాక్యానికీ పెడతాను...

పాతకాపు: మీరు పెడితే అర్థమేం లేదు. ఎప్పుడూ పెట్టని మనిషి పెడితే చూడాలి. చుక్కలొక్కటే కాదు, వేళా, ముక్తసరి మాటా కలిసొచ్చాయిక్కడ.

తెల్లకాగితం: ఆఫీసులో అందరి ముందూ అడక్కూడదండీ, పక్కకి పిలవాలి.

మంచుబొట్టు: ఇది ఫోన్లో మెసేజ్ సంగతండీ.

వెన్నెలరేడు: రెండోసారి కూడా "ఏం లేదు" అంటే వదిలేయడమే.

పాతకాపు: ఆ రాత్రికి అడగడం మానేయండి, సరే. మర్నాడు మాత్రం మామూలుగా పలకరించండి. రాత్రి సంగతి ఎత్తకండి.

సూటిమాట: "చెప్పాలనుంటే చెప్పు" అనడమంటే బరువంతా ఆవిడ నెత్తినే పెట్టడం! రేపేదైనా జరిగితే "మర్యాదకి అడగలేదు" అంటారా?

పాతకాపు: ఓహో, మీ భయం అదా. మొదటే చెప్పాల్సింది. ప్రాణం మీదకొచ్చిందనిపిస్తే నేను చెప్పిన పద్ధతి పనికిరాదు. "ఇక సెలవు", "నేను లేకపోతే అందరికీ హాయి" లాంటి మాట వచ్చినా, ఇష్టమైన వస్తువులు పంచేస్తున్నా, "చచ్చిపోవాలనిపిస్తోందా" అని ఆ మాటతోనే అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది వట్టి అపోహ. ఔనంటే ఒంటరిగా వదలకుండా, దగ్గర్లో ఉన్న మనిషినో హెల్ప్‌లైన్‌నో కలపాలి. ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వొద్దు.

సూటిమాట: అంతవరకూ రాకముందే అడగాలంటున్నాను నేను.

పాతకాపు: ఒక్క "హాయ్"కి అలా అడిగితే, ఆవిడ మళ్ళీ ఏ రాత్రీ మీకు రాయకపోవచ్చు.

సూటిమాట: రాయకపోతే మాననీ.

మంచుబొట్టు: పాతకాపు గారన్నట్టే పెట్టాను. "కబుర్లే చెప్పు" అంది. చెబుతున్నా.

సూటిమాట: చూశారా, ఇంకా మీకేమీ తెలీదు.