చింతబాయా, చింతబావా?

నర్సంపేట తమ్ముడు: బాయికాడ కొత్త ఇల్లు కట్టుకున్నాం. పాత మోటబావి, దాని ఒడ్డున తాత నాటిన చింతచెట్టు అట్లనే ఉన్నాయి. ముందు 'శ్రీనివాస నిలయం' అనుకున్నాం గానీ మా వాడలోనే ఆ పేరుతో రెండిళ్లున్నాయి. అమ్మ 'చింతబాయి' అందామంటోంది. రాతిపలక మీద 'బాయి' అని చెక్కించాలా, 'బావి' అనా?

పరకాల అక్క: చింత అంటే దిగులు కదా తమ్మీ, గుమ్మం మీద ఎందుకు? ఇంకోమాట, తెలుగు పదానికి సంస్కృతం అతికించకండి. 'అమ్మ నిలయం' లాంటివి వైరి సమాసాలు, తప్పు.

హన్మకొండ సారు: అక్కా, దిగులనే చింత సంస్కృతం నుంచి వచ్చింది, చెట్టు చింత తెలుగుది. రాతలో రెండూ ఒక్కటే, కాబట్టి ఒట్టి 'చింత' అని పెడితే నేనూ వద్దంటాను. పక్కన ఇంకో మాట చేరితే ఆ అనుమానం పోతుంది. మన చింతగట్టు ఊరి పేరు వింటే ఎవరికైనా దిగులు గుర్తొస్తుందా? చెట్టు ఒక్కటే గనుక 'చింతల' అనొద్దు తమ్మీ.

ఇక 'అమ్మ నిలయం' తప్పేం కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రం అని మూడు రకాల సమాసాలు చెప్పారు, ఇది మూడోది. ఇబ్బంది సంధి దగ్గర వస్తుంది. అమ్మ, ఆలయం కలిపి 'అమ్మాలయం' అంటే ఒప్పుకోరు, సవర్ణదీర్ఘానికి రెండూ సంస్కృత పదాలే కావాలి.

కరీంనగర్ చెల్లె: మేం ఇంటికి పెద్దపాప పేరు పెట్టుకున్నాం. తర్వాత బాబు పుట్టాడు. ఇప్పుడు వాడు రోజూ బోర్డు చూసి "నా పేరేది?" అని అడుగుతాడు, మనసుకు కష్టంగా ఉంటుంది.

నిజామాబాద్ అన్న: మహారాష్ట్ర పక్కనే ఉన్నోళ్లం. మా దిక్కు 'చింతబాయి' అని చూస్తే ఎవరో ఆడమనిషి పేరనుకుంటారు. 'బావి' అనే రాయించు.

హన్మకొండ సారు: అన్న మాట కొట్టెయ్యలేను. కానీ ఒకటి చూడండి. 'బావి' కూడా సంస్కృత 'వాపి' మారగా వచ్చిందే, 'బాయి' ఇంకొంచెం మారింది, అంతే. ఒకటి శుద్ధం, ఒకటి తప్పు అని లేదు. మన దగ్గర "బాయికాడికి పోయిండు" అంటే నీళ్లబావి చూడటానికని కాదు, పొలానికని. మోటార్లొచ్చి మోట పోయినా, బోర్లు పడి బావులెండినా ఆ మాట నిలిచింది. పొలంలో ఇంటికి ఆ అర్థమే కావాలి. అది 'బావి' అంటే రాదు.

నర్సంపేట తమ్ముడు: నిన్న ఇసుక తెచ్చే ట్రాక్టరాయనకు ఫోన్‌లో "చింతబాయి కాడికి రా" అన్నాను. ఇంకేం అడగకుండా నేరుగా ఇంటి ముందుకొచ్చాడు. నాన్న మాత్రం రాతి మీద పుస్తకాల్లో రాసినట్టే ఉండాలంటున్నారు. చెక్కేవాళ్లు ఆదివారం వస్తారు. 'చింత' వరకు చెక్కమంటాను, మిగతా రెండక్షరాల సంగతి ఆ లోపు అమ్మానాన్న తేల్చుకోవాలి.