ధోతి ఫంక్షన్ వీడియోలో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి, ఏం చేయాలి?

స్వప్న, హన్మకొండ: మా అక్క కొడుకు ధోతి ఫంక్షన్ కాజీపేటలో అయింది. ఫోన్‌లో తీసిన ముక్కలన్నీ కలిపి వీఎన్ యాప్‌లో చిన్న వీడియో చేస్తున్నాను. ‘నూతన వస్త్రాలంకరణ’ అని రాసి, అక్షరాలు ఒక్కొక్కటే వచ్చే యానిమేషన్ పెడితే ‘స్త్రా’ మూడు ముక్కలవుతోంది. పైగా పాట పెట్టగానే తాతయ్య దీవెన వినిపించడం లేదు. రేపు బంధువుల గ్రూపులో పెట్టాలి, టెన్షన్‌గా ఉంది.

మహేందర్, కరీంనగర్: ఫాంట్ ప్రాబ్లమ్ అక్కా. తెలుగు ఫాంట్ వేస్తే సరిపోతుంది.

రజిత, జనగామ: ఫంక్షన్ తీసిన ఫోటోగ్రాఫర్‌నే అడగండి, ఆల్బమ్‌తో పాటు వీడియో కూడా ఇస్తారు కదా.

స్వప్న: ఆ వీడియో కాదండీ, ఇవి మేం ఫోన్‌లో తీసుకున్నవి.

శ్రీనివాస్, వరంగల్: పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను, అందుకే చెబుతున్నా. స్వప్న గారూ, ముందు ఆ యానిమేషన్ తీసేసి చూడండి. ‘స్త్రా’ కలిసిపోతే ఫాంట్ బాగానే ఉంది, తప్పంతా యానిమేషన్‌దే. అక్షరాలను విడివిడిగా తెచ్చే యానిమేషన్లు ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని చేసినవి. వాటికి స, త, ర వేరువేరుగా కనిపిస్తాయి, ఒత్తుగా కలపడం తెలియదు. మాటంతా ఒకేసారి మెల్లగా వచ్చే ఫేడ్ పెట్టుకోండి. అక్షరాల మధ్య ఎడం పెంచినా ఇదే తిప్పలు, దాన్ని సున్నాలోనే ఉంచండి.

యానిమేషన్ తీసేసినా డబ్బాలు కనిపిస్తే అప్పుడు మహేందర్ చెప్పింది కరెక్ట్. గూగుల్ ఫాంట్స్‌లో Noto Sans Telugu గానీ Ramabhadra గానీ ఉచితంగా దించుకోండి. జిప్ విప్పితే .ttf ఫైల్ ఉంటుంది, దాన్ని యాప్ ఫాంట్ల దగ్గర జోడించండి. ఫ్లెక్సీ షాపువాళ్ల పాత అను ఫాంట్లు మాత్రం తెచ్చుకోకండి. ఫోన్‌లో టైప్ చేసిన తెలుగు వాటిలో రాదు.

ఇక పాట సంగతి. మొత్తం పాట సౌండ్ తగ్గించకండి, వీడియో చప్పగా అయిపోతుంది. తాతయ్య నోరు తెరిచే చోట ఒకసారి, మాట ముగిసే చోట ఇంకోసారి పాటను కట్ చేసి, ఆ మధ్య ముక్క సౌండ్‌నే 15 దగ్గరికి దించండి. హెడ్‌ఫోన్‌లో బాగుందని వదిలేయకుండా ఫోన్ స్పీకర్‌లో వినండి. చుట్టాలు చూసేది దాంట్లోనే.

రజిత: అన్నా, మా అమ్మ షష్టిపూర్తి వీడియోకు సినిమా పాట వేసి యూట్యూబ్‌లో పెట్టొచ్చా? 30 సెకన్ల లోపైతే ఏమీ కాదంటారు.

శ్రీనివాస్: అలాంటి రూలేమీ లేదమ్మా. తక్కువ ముక్కకు కూడా కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు. యూట్యూబ్‌కైతే వాళ్ల ఆడియో లైబ్రరీలో ఉన్న సంగీతం తీసుకోండి. ఇన్‌స్టాకైతే పాట లేకుండా ఎక్కించి, అక్కడే పాట కలపండి.

స్వప్న: ఫేడ్ పెట్టగానే ‘వస్త్రా’ చక్కగా వచ్చిందండీ, చాలా థాంక్స్. కానీ తాతయ్య మాట వెనకాల బ్యాండు మోగుతోంది. అది మా వీడియోలోనే రికార్డయింది.

శ్రీనివాస్: అది పాట తగ్గిస్తే పోయేది కాదు. ఆయన చెప్పిన దీవెనను కింద క్యాప్షన్‌గా రాయండి. గ్రూపులో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపితే అక్షరాలు మసకబారవు.

మహేందర్: బ్యాండు శబ్దం తీసే ఉచిత యాప్ ఎవరైనా వాడారా? నాకూ అవసరముంది.