ఓఈటీ స్పీకింగ్ 320 దగ్గరే ఆగిపోతోంది, మన ఉచ్చారణ వల్లేనా?

గుణుపురం_నర్సు
మాది గుణుపురం, నర్సింగు బరంపురంలో చదివాను. విదేశాల్లో నర్సు పనికి రాసే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీలో, స్పీకింగ్‌కి రెండుసార్లూ 320 వచ్చింది, యూకేకి 350 కావాలి. రోల్‌ప్లేలో ఎదురుగా ఉన్నావిడకి నేను చెప్పిందంతా అర్థమైంది, ఒక్కసారి కూడా మళ్లీ అడగలేదు. మరి మార్కులు ఎక్కడ పోతున్నాయి? తెలుగువాళ్ల స్ట్రెస్, రిథమ్ బాగోవని కోచింగ్‌లో అన్నారు. నిజమేనా?

జయపురం_రావు
స్ట్రెస్ అందరికీ ఉంటుందమ్మా. ముందురోజు రాత్రి పుస్తకాలు పక్కన పెట్టి తొందరగా పడుకో. మా అమ్మాయికి అలాగే తగ్గింది.

వంశధార_ఒడ్డు
రావుగారూ, ఆవిడ అడిగింది టెన్షన్ గురించి కాదండీ, మాటలో ఎక్కడ నొక్కి పలకాలో దాని గురించి. చెల్లీ, నా మాట విను. మనవాళ్లకి వేగం ఎక్కువ. ఒక్కో మాట విడదీసి, నెమ్మదిగా, అన్నీ ఒకే తూకంలో చెప్పు. నేను ఐఈఎల్‌టీఎస్‌కి అలాగే వెళ్లాను, ఆరు వచ్చింది.

మహేంద్రగిరి
వంశధార అన్నా, వేగం తగ్గించమనడం సగం సరైనదే. రెండో సగం, అదే "ఒకే తూకంలో" అన్నది, ఈ అమ్మాయికి ఇంకా చేటు చేస్తుంది.

ముందు ఒక సంగతి. రోల్‌ప్లేలో ఎదురుగా కూర్చునే మనిషి మార్కులు వెయ్యరు. రికార్డింగు విని ఇద్దరు వేరువేరుగా వేస్తారు. ఆవిడ చేతిలో సన్నివేశం రాసిన కార్డు ఉంది, నువ్వేం చెప్పబోతున్నావో సగం ముందే తెలుసు. వినేవాళ్లకి మాత్రం నీ గొంతొక్కటే ఆధారం. భాషకి సంబంధించి నాలుగు అంశాలు చూస్తారు, ఒక్కోదానికి ఆరు దాకా. అందులో ఒకటి మాట ఎంత తేలిగ్గా అర్థమవుతోంది అన్నది. రిజల్టులో అవి విడిగా రావు కాబట్టి తప్పు ఉచ్చారణదే అని నేనిప్పుడు చెప్పలేను. ఒక నిమిషం రికార్డు చేసి ఇక్కడ పెట్టు తల్లీ.

గుణుపురం_నర్సు
పెట్టాను అక్కా. జ్వరంతో వచ్చిన పాప తల్లితో మాట్లాడే కార్డు.

మహేంద్రగిరి
మూడుసార్లు విన్నాను. గ్రామరు బాగుంది. ఇబ్బంది ఇక్కడ: "అలర్జీ", "టెంపరేచర్", "కంఫర్టబుల్". ఈ మూడూ నువ్వు పలికే తీరుకి కారణం మన గురువు లఘువులే.

చిన్నప్పుడు పద్యానికి గణాలు కట్టాం కదా. తెలుగులో దీర్ఘం ఉన్నా, పొల్లు తగిలినా ఆ అక్షరం గురువు. ఒక మాటలో ఎన్ని గురువులున్నా దేని బరువు దానిదే, ఎవరూ తగ్గరు. "అలర్జీ" అన్నప్పుడు అ లఘువు, లర్ గురువు, జీ గురువు. నీ రికార్డింగులో సరిగ్గా అదే వినిపిస్తోంది, లర్ మీద బరువు, జీ సాగింది. ఇంగ్లీషులో ఒక మాటకి ముఖ్యమైన గురువు ఒక్కటే. ఆ మాటలో అది మొదటి అక్షరం మీద ఉంది, మిగతా రెండూ తేలిక, మధ్యదైతే అచ్చు ఏదో కూడా సరిగా తెలియనంత. విచిత్రం ఏమిటంటే "అలర్జిక్"లో బరువు నిజంగానే లర్ మీద ఉంటుంది, అది నువ్వు సరిగ్గా పలికావు. కాబట్టి నీకు పలకడం రాక కాదు, ప్రతి మాటకీ తెలుగు లెక్క వేస్తున్నావు, కొన్నిచోట్ల ఆ లెక్క కలిసొస్తోంది.

"టెంపరేచర్"లో రే సాగదియ్యకు. టెమ్ ఒక్కటే గట్టిగా.

పాత_మాస్టారు_పర్లాకిమిడి
రే అన్న అక్షరం రాసి ఉండగా ఎందుకు మింగాలి? నిఘంటువు తీసి చూడండి, ఆ మాటకి నాలుగు అక్షరాల ఉచ్చారణ కూడా ఇచ్చారు. మూడే అని మీరెలా అంటారు?

మహేంద్రగిరి
మాస్టారూ, మూడే అని నేననలేదు. నాలుగూ పలకొచ్చు. కానీ నాలుగు పలికినా అక్కడ "రే" అన్న దీర్ఘం ఉండదు, నిఘంటువులో ఆ చోట ఉన్నది గొంతులో నలిగిపోయే చిన్న అచ్చు.

పాత_మాస్టారు_పర్లాకిమిడి
చిన్నదైనా అక్షరం అక్షరమే. మీరు దాన్ని లేదన్నట్టు రాశారు.

బరంపురం_బుజ్జి
నా హాస్టలు రూమ్మేటు ఒడియా అమ్మాయి, 370 తెచ్చుకుంది. ఇద్దరం ఒకే కోచింగు. ఒడియావాళ్లకి ఈ బాధ లేదేమో?

మహేంద్రగిరి
బుజ్జీ, ఒక మనిషిని చూసి అలా అనలేం. హిందీవాళ్లు "ఘర్" అంటే ఒడియావాళ్లు "ఘరొ" అని అచ్చుతో ముగిస్తారు, మనలాగే. మన "బస్సు", "టిక్కెట్టు" లాంటి సాగు వాళ్లకీ అలవాటు కాగలదు. మీ రూమ్మేటు ఎలా మాట్లాడుతుందో వినకుండా ఏమీ చెప్పలేను.

పాత_మాస్టారు_పర్లాకిమిడి
ఇంత చర్చా చూశాక చెబుతున్నాను. నేను 31 ఏళ్లు ఇక్కడే పాఠం చెప్పాను. ఒక గదిలో అరవై మంది, ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. "ప్రతి అక్షరం స్పష్టంగా పలకండి" అని రోజూ చెప్పాను. అలా చెప్పకపోతే స్పెల్లింగు వచ్చేది కాదు. ఇప్పుడు మీరు అదే తప్పంటున్నారు. నా దగ్గర చదివిన పిల్లలు ఫెయిలవ్వడానికి నేనే కారణమా? సూటిగా చెప్పండి.

మహేంద్రగిరి
మాస్టారూ, డిక్టేషనుకి మీరు చెప్పింది సరైన పద్ధతి. నాకూ స్పెల్లింగు అలాగే వచ్చింది. కానీ రాయడం కోసం నేర్చిన పలుకుబడినే మాట్లాడటానికి కూడా వాడమని మనకి చెప్పారు, అక్కడ ఇబ్బంది వచ్చింది. ఇది మీ ఒక్కరి మాట కాదు, మన దేశంలో చాలా బళ్లల్లో ఇదే జరిగింది. ఆర్.కె. బన్సల్ హైదరాబాదులో చేసిన అధ్యయనం 1969లో వచ్చింది. భారతీయుల ఇంగ్లీషు బయటివాళ్లకి అర్థం కాకపోవడానికి మాటలో బరువు తప్పు చోట పడటం పెద్ద కారణమని అందులో ఉంది.

పాత_మాస్టారు_పర్లాకిమిడి
వినేవాడికి బాధ్యత లేదా? వాళ్ల డాక్టర్ల ఇంగ్లీషు మనం అర్థం చేసుకోవట్లేదా? మన నర్సులు కావాలంటే మన మాట విని అలవాటు పడొచ్చు కదా.

మహేంద్రగిరి
న్యాయమైన మాటే. అయితే పరీక్షలో వినేవాడి ఓపికకి మార్కులుండవు, ఈ అమ్మాయికి వచ్చే నెల్లో పరీక్ష. వాళ్లలా మాట్లాడమని నేను అనట్లేదు. మన ర, మన ట ఉండనివ్వండి, అవి అడ్డం కావు. బరువు ఒక్కటి సర్దితే చాలు.

తల్లీ, నీకు పని చెబుతాను. "ఐ నీడ్ టు చెక్ యువర్ టెంపరేచర్ బిఫోర్ ఐ గివ్ యు ద టాబ్లెట్." ఇందులో చెక్, టెమ్, గివ్, టాబ్, ఈ నాలుగు చోట్లే బల్ల మీద వేలితో కొట్టు. టు, యువర్, యు, ద ఆ దెబ్బల మధ్య సందుల్లో దొర్లిపోవాలి. దెబ్బకి దెబ్బకి మధ్య దూరం ఇంచుమించు సమానంగా ఉంటే చాలు. వేగం పెంచకు. "టాబ్లెట్టు" అని చివర అచ్చు కలిపావంటే లేని అక్షరం ఒకటి వచ్చి చేరుతుంది, అది కూడా చూసుకో. తర్వాత ఆ రికార్డింగు నీ కార్డు చూడని మనిషికి ఫోనులో పంపి, విన్నది విన్నట్టు రాయమను. మన ఊరివాళ్లు వద్దు, వాళ్లకి మన పలుకు అలవాటు.

వంశధార_ఒడ్డు
నాకు ఆరు వచ్చిందని గొప్పగా చెప్పాను. ఏడు కోసం రెండేళ్లు తిరిగిన సంగతి చెప్పలేదు. ఈ దెబ్బల లెక్క అప్పుడు ఎవరూ చెప్పలేదు.

గుణుపురం_నర్సు
నాలుగు రోజులు చేశాను అక్కా. నాగపూర్‌లో ఉన్న మా వదిన వాళ్ల పక్కింటావిడకి పంపాను, ఆవిడ మరాఠీ. మొదటి రికార్డింగులో "టెంపరేచర్" దగ్గర ఖాళీ వదిలేసింది, "అలర్జీ" బదులు వేరే మాట రాసింది. కొత్తదాంట్లో రెండూ సరిగ్గా రాసింది. కానీ కార్డు మారి, చూసి చదవకుండా మాట్లాడితే మళ్లీ పాత తూకమే వస్తోంది. రేపటి నుంచి కార్డు లేకుండా చేస్తాను. మాస్టారూ, "ప్రతి అక్షరం" అని మీరు చెప్పబట్టే నాకు మందుల పేర్ల స్పెల్లింగులో తప్పు రాదు. నేను మీ బడిలోనే చదివాను.

పాత_మాస్టారు_పర్లాకిమిడి
ఏ సంవత్సరం బ్యాచి అమ్మా?