ఆషాఢం ఫ్లాష్ సేల్ క్యాప్షన్: "కొన్ని పీసులే" అనొచ్చా, అనకూడదా?

ఎంవీపీ_చీరలు
ఎంవీపీ కాలనీలో ఇంటి నుంచే చీరలమ్ముతానండి. మంగళగిరి కాటన్‌వి 40 ఉన్నాయి, మామూలు ధర 1,650. శనివారం సాయంత్రం 6 నుంచి ఆదివారం రాత్రి 9 దాకా 1,290కి ఇద్దామనుకుంటున్నా. ఇన్‌స్టాలో వేయడానికి క్యాప్షన్ ఇలా రాశాను: "ఈరోజే! కొన్ని పీసులే! మళ్లీ రావు, త్వరపడండి!" మా చెల్లి ఇది అబద్ధమంటోంది. నేతవాళ్లకి చెబితే ఇవే చీరలు మళ్లీ వస్తాయి కదా అని దాని వాదన. అబద్ధం లేకుండా జనాన్ని తొందరపెట్టడం కుదురుతుందా?

జగదాంబ_బజార్
ఏటండీ ఈ మీమాంస! ఆషాఢం వచ్చిందంటే జగదాంబ నుంచి గాజువాక దాకా ఏ బట్టల కొట్టు ముందైనా "మూడు రోజులే" అని బ్యానరు. మూడో రోజు దాటాక "మీ కోరిక మేరకు పొడిగించాం" అని ఇంకోటి. అదంతా మామూలేనని కొనేవాళ్లకీ తెలుసు. 40 చీరలంటే కొన్నే కదా, అందులో అబద్ధమేటుంది? "మళ్లీ రావు" ఒక్కటీ తీసేసి వేసేయండి.

పదాల_పద్దు
"మళ్లీ రావు" తీసేయాలన్న మాట సరే. "కొన్ని పీసులే" విషయంలో ఒప్పుకోను. అది అబద్ధమని కాదు, దానికి బలం లేదు. నాలుగు వందలున్నవాడూ అదే రాస్తాడు, నాలుగున్నవాడూ అదే రాస్తాడు. చదివేవాళ్లు అలాంటి మాటని చూడను కూడా చూడకుండా దాటేస్తారు. మీ దగ్గర నిజంగా ఉన్నవి 40, అందులోనూ రంగుకి ఇన్నని లెక్క ఉంటుంది. ఆ లెక్కే రాయండి. "మెరూన్ 5" అని చూసినప్పుడు పుట్టే తొందర "త్వరపడండి" అంటే పుట్టదు.

స్టాక్ తక్కువని చెప్పడం తప్పేమోనని మీరు జంకుతున్నట్టున్నారు. నిజానికి చెప్పకపోతేనే తప్పు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎర ప్రకటనల సంగతి ఉంది. సరుకుకి మించి గిరాకీ వస్తుందని అంచనా ఉన్నప్పుడు స్టాక్ పరిమితమని ప్రకటనలో స్పష్టంగా చెప్పాలి. వేలమందికి కనిపించే పోస్టు, చేతిలో 40 చీరలు: మీ పరిస్థితి సరిగ్గా అదే.

ఇక "ఈరోజే" అన్న మాట. ఇన్‌స్టా ఫీడు పోస్టుల్ని టైము వరసలో చూపించదు. మీరు శనివారం వేసింది ఒకరికి మంగళవారం కనబడుతుంది, ఆమెకి "ఈరోజే" అంటే మంగళవారమే. అందుకని వారం, తేదీ, గంట మూడూ రాయాలి.

మురళీనగర్_కేక్స్
నాదీ ఇదే ఇబ్బందండి. మా ఆర్డర్ల వెబ్‌సైట్లో ఆఫర్ టైమర్ పెట్టాను. పేజీ రీఫ్రెష్ చేస్తే మళ్లీ 15 నిమిషాల దగ్గర్నుంచి మొదలవుతోంది. ఏ సెట్టింగ్ మారిస్తే బాగవుతుంది?

పదాల_పద్దు
ఇక్కడ అడిగింది క్యాప్షన్ గురించండి, అయినా చెబుతాను. మీ టైమర్ చెడిపోలేదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ విడిగా కొత్త గడువు మొదలుపెట్టే రకం అది, దొంగ కౌంట్‌డౌన్ అనేది దీన్నే. అలాంటి ప్లగిన్లలో ఫలానా తేదీ, ఫలానా గంటకి అందరికీ ఒకేసారి ముగిసే రకం కూడా సాధారణంగా ఉంటుంది, దానికి మార్చండి. స్టోర్ టైమ్‌జోన్ మనదే ఉందో లేదో చూసుకోండి, వేరే దేశానిది పెట్టి ఉంటే రాత్రి 9కి ఆగాల్సింది ఇంకెప్పుడో ఆగుతుంది. ముఖ్యమైనది ఇంకోటి: టైమర్ సున్నాకి రాగానే ధర కూడా మారాలి. చాలాచోట్ల అంకెలు ఆగిపోతాయి కానీ కార్ట్‌లో తగ్గింపు ధరే నడుస్తుంటుంది.

అయినా క్రీమ్ కేకులకి టైమర్ దేనికి? "రాత్రి 8 తర్వాత ఈరోజు చేసిన పేస్ట్రీలు సగం ధర, రేపటికి ఉంచం" అంటే ఎందుకు తగ్గించారో చిన్నపిల్లాడికీ అర్థమవుతుంది.

సీతమ్మధార_కొనుగోలుదారు
కొనేదాన్ని నేను, అమ్మేదాన్ని కాదు. జగదాంబ_బజార్ గారూ, అది మామూలేనని మాకు తెలుసన్నారు. తెలుసు కాబట్టే మొదటి రోజు మేం రాం. పొడిగిస్తారని తెలిసిన సేల్‌కి ఎవరు పరిగెత్తుతారు?

జగదాంబ_బజార్
అమ్మా, ఆదివారం రాత్రి 9కి 15 చీరలు మిగిలిపోతే ఏటి చెయ్యమంటారు? సోమవారం 1,290కి అడిగినవాళ్లని పొమ్మనాలా? చేతికొచ్చిన బేరం పోగొట్టుకుని నిజాయితీ చాటుకోవాలా?

పదాల_పద్దు
వాళ్లని పొమ్మనక్కర్లేదు, 1,650కి ఇస్తామనాలి. సోమవారం అదే ధరకి ఇచ్చారంటే, ఆదివారం రాత్రి 8:45కి హడావుడిగా డబ్బు పంపినామెకి మీరు రాసింది అబద్ధమైపోయినట్టే. రాసిన రోజు మీ ఉద్దేశం మంచిదే కావచ్చు, ఆమెకి దానితో పనిలేదు. మిగిలిన 15ని కొన్నాళ్లాగి వేరే రూపంలో అమ్మండి: బ్లౌజు కుట్టుడుతో కలిపి, లేదా రెండు చీరలు కలిపి ఒక ధరకి. అది కొత్త ఆఫర్ అవుతుంది, దాని గడువు దానిది.

పొడిగించడం ఒక్క సందర్భంలో న్యాయం. ఆదివారం సాయంత్రం యూపీఐ రెండు గంటలు పనిచేయలేదనుకోండి, "డబ్బు పంపడం కుదరలేదు కాబట్టి రాత్రి 11 వరకు" అని కారణం చెప్పి, ఆ రెండు గంటలే పొడిగించండి.

జగదాంబ_బజార్
పెద్ద వెబ్‌సైట్లు ఏళ్ల తరబడి "రెండే మిగిలాయి" అని ఆడిస్తున్నాయి. ఆ రూల్సూ వాటికోసమే పెట్టినవి. ఇంట్లో చీరలమ్ముకునే ఆవిడ జోలికి ఎవడొస్తాడండీ?

పదాల_పద్దు
ఎవరైనా వస్తారా రారా అన్నది వేరు, వర్తిస్తుందా లేదా అన్నది వేరు. కొనేవాళ్లని మాయచేసే ఎత్తుగడలు, అంటే డార్క్ ప్యాటర్న్‌ల మీద 2023 నవంబర్ 30న వచ్చిన మార్గదర్శకాలు వెబ్‌సైట్లు, యాప్‌లతో పాటు ప్రకటనదారులకీ, అమ్మకందారులకీ వర్తిస్తాయని అందులోనే ఉంది. 13 రకాల జాబితాలో మొట్టమొదటిది దొంగ తొందరే. అక్కడిచ్చిన ఉదాహరణ కూడా మీరన్నట్టే ఉంటుంది: రెండే గదులున్నాయి, 30 మంది చూస్తున్నారు అనే బాపతు.

సరే, చీరల దగ్గరికొద్దాం. ఎంవీపీ గారూ, రంగులవారీగా లెక్క చెప్పండి. సేల్ ఆదివారంతో ఎందుకు ఆగాలో కూడా చెప్పండి. గడువుకి కారణం లేకపోతే క్యాప్షన్ ఎంత బాగా రాసినా అతికించినట్టే ఉంటుంది.

ఎంవీపీ_చీరలు
ముదురాకుపచ్చ 14, ఆవపసుపు 12, నీలం 9, మెరూన్ 5. శ్రావణం కోసం పట్టుచీరలు సోమవారం వస్తున్నాయండి, పెట్టడానికి ఉన్నది ఒక్క బీరువా. నీలం, మెరూన్ మళ్లీ నేయించాలనుకుంటున్నా, ఆగస్టు చివరికి రావచ్చు.

పదాల_పద్దు
ఇంతకంటే మంచి కారణం ఎక్కడ దొరుకుతుంది! ఆషాఢంలో ఖాళీ చేసి శ్రావణానికి నింపుకోవడం మనవాళ్లకి వివరించక్కర్లేదు. ఇలా రాయండి:

"శ్రావణం పట్టుచీరలకి బీరువాలో చోటు కావాలి. మంగళగిరి కాటన్ చీర రూ. 1,650 కాదు, రూ. 1,290. ఆదివారం జూలై 20, రాత్రి 9 వరకే.

శనివారం సాయంత్రం 6 గంటలకి ఉన్నవి: ముదురాకుపచ్చ 14, ఆవపసుపు 12, నీలం 9, మెరూన్ 5. డబ్బు అందిన వరసలో చీర మీది. సోమవారం నుంచి మళ్లీ రూ. 1,650. నీలం, మెరూన్ ఆగస్టు చివర్లో మళ్లీ నేయిస్తాం, అప్పుడు రూ. 1,650కే."

ఇన్‌స్టాలో "మరిన్ని" నొక్కకముందు కనబడేది దాదాపు 125 అక్షరాలే, ఫోన్‌ని బట్టి ఇంకా తక్కువ కూడా. అందుకే కారణం, ధర, గడువు మూడూ ముందు పేరాలోనే పెట్టాను. పోస్టు చేశాక మీ ఫోన్లో కాకుండా వేరేవాళ్ల ఫోన్లో చూడండి. గడువు తెగిపోతే బీరువా వాక్యాన్ని కిందికి దించండి, తేదీని మాత్రం దించకండి.

పీసుల లెక్కకి "శనివారం సాయంత్రం 6 గంటలకి" అని ముడిపెట్టాను చూడండి. టైము లేకుండా "మెరూన్ 5" అని రాస్తే, రెండు అమ్ముడవగానే ఆ అంకె తప్పు. టైముతో రాస్తే మర్నాడు చదివినా అది నిజమే. ఒక రంగు పూర్తిగా అయిపోయినప్పుడు మాత్రం క్యాప్షన్ ఎడిట్ చేసి "మెరూన్ అయిపోయింది" అని రాయండి. స్టోరీలో వేసినదాన్ని అలా దిద్దలేం, కాబట్టి అక్కడ పీసుల లెక్క వద్దు. కౌంట్‌డౌన్ స్టిక్కర్‌కి ఆదివారం రాత్రి 9 పెట్టండి, చాలు. వాట్సాప్ మెసేజీని కూడా 15 నిమిషాలు దాటాక మార్చలేరు, అక్కడా గడువు ఒక్కటే రాయండి. స్టేటస్ 24 గంటలకి పోతుంది, అంటే శనివారం 6కి పెట్టింది సేల్ ముగియడానికి మూడు గంటల ముందే మాయమవుతుంది. ఆదివారం పొద్దున మళ్లీ పెట్టాలి.

సీతమ్మధార_కొనుగోలుదారు
రెండు సందేహాలు. 1,650 అన్నది నిజంగా ఎవరైనా పెట్టి కొన్న ధరేనా? ఇంకోటి, "రెండే ఉన్నాయి" అన్న చీరలు గంట తర్వాత నాలుగవుతాయి చాలామంది దగ్గర. అది చూశాక ఆ పేజీని ఇంక నమ్మం.

ఎంవీపీ_చీరలు
1,650కే అమ్మానండి, పోయిన నెల కూడా.

పదాల_పద్దు
అయితే ఆ ధర రాయొచ్చు. పోయిన నెల 1,450కి ఇచ్చి ఉంటే మాత్రం 1,650 రాయడం కుదరదు.

రెండు నాలుగవడం చాలాసార్లు మోసం కాదు, హోల్డుల వల్ల. "అక్కా, నాకు మెరూన్ ఒకటి ఆపండి" అని ముగ్గురంటారు, అమ్మేవాళ్లు మూడూ తీసేసి "రెండే" అని రాస్తారు. అందులో ఇద్దరు డబ్బు పంపరు, లెక్క నాలుగుకి ఎక్కుతుంది. రాసినావిడ అమాయకురాలే, చూసేవాళ్లకి మాత్రం దొంగ లెక్క. అందుకే "డబ్బు అందిన వరసలో" అని రాశాను. మొహమాటానికి ఆపక తప్పదంటే 30 నిమిషాలు ఆపండి, కానీ డబ్బు వచ్చేదాకా లెక్కలోంచి తీయకండి.

ఎంవీపీ_చీరలు
చాలా థాంక్సండి. ఇంకొక్కటి. మా వాట్సాప్ గ్రూపులో పాత కస్టమర్లున్నారు, వాళ్లకి శనివారం 4కే చూపిస్తే? "మీకు మాత్రమే" అని?

పదాల_పద్దు
రెండు గంటల తర్వాత అందరికీ అదే ధర అయితే "మీకు మాత్రమే" అనకూడదు, "మీకు రెండు గంటలు ముందు" అనండి. ఇన్‌స్టాలో 6కి వేసేటప్పుడు 40 అని కాకుండా, అప్పటికి మిగిలినవి లెక్కపెట్టి రాయండి.

జగదాంబ_బజార్
అక్కడ నేనొప్పుకోను. గ్రూపువాళ్లు మెరూన్ అయిదూ పట్టుకుపోతే ఇన్‌స్టాలో మెరూన్ ఫొటో వేసి ఏం లాభం? ముందు చూపించడమే మానేయండి, లేదా రంగుకి రెండేసి ఇన్‌స్టాకి పక్కన పెట్టండి.

పదాల_పద్దు
అయిపోతే ఆ ఫొటో తీసేయడమే. పక్కన పెట్టడం బాగానే ఉంది కానీ, అప్పుడు గ్రూపులో "మెరూన్ 5" అని రాయలేరు, 3 అని రాయాలి.

జగదాంబ_బజార్
3 అని రాసి, తర్వాత ఇన్‌స్టాలో 2 కనబడితే ఆ గ్రూపువాళ్లే "దాచారు" అంటారు చూడండి.

సీతమ్మధార_కొనుగోలుదారు
అంటాం. "రెండు ఇన్‌స్టాకి ఉంచాను" అని గ్రూపులో ముందే చెబితే అనం.