ఎంట్రోపీ మార్పు సున్నా అని రాస్తే తప్పెలా అవుతుంది?

సింధు_03
అసైన్‌మెంట్ లెక్క ఇది: "ఒక హీట్ ఇంజన్ 527 °C ఉన్న మూలం నుంచి సైకిల్‌కి 1000 kJ వేడి తీసుకుని 400 kJ పని ఇస్తుంది. మిగిలింది 27 °C దగ్గర వదిలేస్తుంది. ఎఫిషియెన్సీ, ఎంట్రోపీ మార్పు కనుక్కోండి. యూనిట్లు, మీరు అనుకున్నవి రాయండి." నేను 40 శాతం, 0 kJ/K అని రాశాను. పదికి నాలుగు వేశారు. మా ఫ్రెండ్ 0.75 అని రాస్తే తొమ్మిది. నాది ఎక్కడ తప్పు?

రెండో_సూత్రం
సున్నా అనేది తప్పే, ఇందులో చర్చకేముంది? కార్నో లెక్క ప్రకారం 62.5 శాతం రావాలి, మీ ఇంజన్‌కి 40 వచ్చింది. అంటే ఇర్రివర్సిబుల్. ఇర్రివర్సిబుల్ అయితే ఇంజన్ ఎంట్రోపీ పెరగాల్సిందే.

బాయిలర్_బాబాయ్
సింధూ, నీ సున్నా తప్పు కాదమ్మా. దేని ఎంట్రోపీయో రాయలేదు, అదీ సంగతి. సైకిల్ పూర్తయ్యేసరికి ఇంజన్ లోపలి పదార్థం మొదలుపెట్టిన చోటికే వస్తుంది: అదే పీడనం, అదే ఉష్ణోగ్రత. ఎంట్రోపీ కూడా అలాంటి గుణమే కాబట్టి అదీ పాత విలువకే వస్తుంది. ఇంజన్ ఎంత నాసిరకంగా ఉన్నా ఇంతే. మార్పు మిగిలేది బయట, రెండు రిజర్వాయర్లలో.

```
TH = 527 + 273 = 800 K,  TL = 27 + 273 = 300 K
QL = 1000 - 400 = 600 kJ
hot    : -1000/800 = -1.25 kJ/K
cold   :  +600/300 = +2.00 kJ/K
engine :              0
total  :             +0.75 kJ/K
```

ఇది ఒక్క సైకిల్‌కి. మీ ఫ్రెండ్ రాసింది మొత్తం, నువ్వు రాసింది ఇంజన్ ఒక్కదానిది. ప్రశ్న ఇచ్చినవాళ్లు ఏది కావాలో చెప్పలేదు.

గేర్_ఆయిల్
40 శాతమే ఎక్కువ సార్. నా బండి ఇంజన్ విప్పి మరీ చూసినవాణ్ని, అంత రానే రాదు. లెక్కే తప్పు ఇచ్చారు.

సింధు_03
బండి గురించి కాదండీ, 400ని 1000తో భాగిస్తే 40.

టేబుల్స్_చూడండి
యూనిట్ ఎవరూ పట్టించుకోవట్లేదు. స్టీమ్ టేబుల్స్‌లో ఎంట్రోపీ kJ/kg·K లోనే ఉంటుంది. kJ/K అని రాసినందుకు నాకు ఒకసారి రెండు మార్కులు కోశారు, ఇప్పటికీ గుర్తే.

బాయిలర్_బాబాయ్
టేబుల్‌లో ఉండేది ఒక కిలో ఆవిరికి. ఈ లెక్కలో ద్రవ్యరాశి ఇచ్చారా? లేదు. kJ ని K తో భాగిస్తే kJ/K వస్తుంది, దాని పక్కన kg పెట్టడానికి ఆధారం లేదు.

టేబుల్స్_చూడండి
మరి నాకెందుకు కోశారు?

బాయిలర్_బాబాయ్
మీ లెక్కలో ద్రవ్యరాశి ఇచ్చి ఉంటారు.

టేబుల్స్_చూడండి
ఇవ్వలేదు.

రెండో_సూత్రం
బాబాయ్ గారూ, యూనిట్ల సంగతి వదిలేసి నాకు జవాబు చెప్పండి. ఆ 0.75 ఎక్కడ పుట్టింది? రిజర్వాయర్లు ఉష్ణోగ్రత మారకుండా కూర్చున్నాయి. పుట్టేది ఇంజన్లోనే కదా: రాపిడి, అదుపు లేని వ్యాకోచం, ఇవన్నీ. అలాంటప్పుడు "ఇంజన్‌కి సున్నా" అని రాయించి పిల్లల్ని తప్పుదోవ పట్టిస్తున్నారు.

బాయిలర్_బాబాయ్
పుట్టడం వేరు, మిగిలి ఉండటం వేరు. లోపల పుట్టిందేదైనా ఆ 600 కిలోజౌల్స్‌తో పాటు చల్లటి వైపుకి పోతుంది. పోకపోతే ఇంజన్ మొదటి స్థితికి రాదు, అది సైకిలే కాదు.

పైగా లోపలే పుట్టిందని మీకెలా తెలుసు? నేనొక ఇంజన్ చెబుతాను, చూడండి. మూలం 800 కెల్విన్‌లోనే ఉంది. కానీ ఇంజన్లోని పదార్థం వేడి తీసుకునేటప్పుడు 500 కెల్విన్ దగ్గర ఉంది, మధ్యలో ఒక గోడ. వదిలేటప్పుడు దాదాపు 300. లోపల రాపిడి లేదు, అంతా రివర్సిబుల్.

```
efficiency     : 1 - 300/500 = 0.40
inside engine  : 600/300 - 1000/500 = 0
across wall    : 1000/500 - 1000/800 = 0.75 kJ/K
```

అదే 40 శాతం, అదే 0.75. అయినా ఇంజన్ లోపల ఏమీ పుట్టలేదు. మొత్తం ఆ గోడ దగ్గరే, 800 నుంచి 500కి వేడి దిగినప్పుడు పుట్టింది. ఇచ్చిన అంకెలు చూసి మీ రాపిడి ఇంజనో నా గోడ ఇంజనో ఎవరూ చెప్పలేరు.

రెండో_సూత్రం
ఆ గోడ ఇంజన్‌లో భాగమే. బాయిలర్ గొట్టాల్ని ఇంజన్ కాదంటారా? ఇష్టమొచ్చినట్టు గీత గీసుకుని గెలవడం మీకు అలవాటే, పోయినసారి థ్రాటిల్ వాల్వ్ చర్చలోనూ ఇదే చేశారు.

బాయిలర్_బాబాయ్
పోయినసారి మీరు వాల్వ్‌లో ఎంథాల్పీ తగ్గుతుందన్నారు. అది వేరే కథ. గోడని లోపలికి తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పుడు పుట్టింది లోపలే. అయినా సైకిల్ చివర ఇంజన్ ఎంట్రోపీ మార్పు సున్నాయే.

రెండో_సూత్రం
సరే, మార్పు సున్నా ఒప్పుకుంటాను. పుట్టింది సున్నా కాదు. నేను మొదటినుంచీ అంటున్నది అదే.

గేర్_ఆయిల్
మొదటినుంచీ అన్నది "పెరగాల్సిందే" అని 😀

రెండో_సూత్రం
పిల్లలకి ఒక తాళా చెబుతాను, ఇది పనికొస్తుంది. 300 ని 0.75 తో గుణిస్తే 225 kJ. కార్నో అయితే 625 వచ్చేది, వచ్చింది 400, తేడా 225. రెండూ కలిస్తే లెక్క కరెక్ట్.

బాయిలర్_బాబాయ్
దీన్ని నమ్ముకోవద్దు. కెల్విన్‌లోకి మార్చడం మరిచిపోయి 527, 27 తోనే చేసి చూడండి. ఎంట్రోపీ మొత్తం 20.3 వస్తుంది, 27తో గుణిస్తే 549. కార్నో 94.9 శాతం వస్తుంది, 949 లోంచి 400 తీస్తే మళ్లీ 549. అంతా తప్పు, కానీ తాళా మాత్రం చక్కగా కలుస్తుంది. ఒకే సూత్రాన్ని రెండు వైపుల నుంచి రాసుకున్నాం కాబట్టి అది తప్పు పట్టలేదు. చల్లటి వైపు 0 °C అనుకుని చూస్తే దొరుకుతుంది: సున్నాతో భాగించాల్సి వస్తుంది, ఎఫిషియెన్సీ నూరు శాతం అయిపోతుంది.

సింధు_03
నేను కెల్విన్‌లోకే మార్చాను. ఇప్పుడు పేపర్ మళ్లీ చూశాను. "అనుకున్నవి" అన్న చోట నేనేమీ రాయలేదు, అక్కడే ఎర్ర గీత ఉంది. ఫ్రెండ్ మూడు లైన్లు రాశాడు: రిజర్వాయర్ల ఉష్ణోగ్రత మారదు, ఇంజన్ పూర్తి సైకిల్ తిరుగుతుంది, సిస్టమ్ అంటే ఇంజన్, రెండు రిజర్వాయర్లు కలిపి.

బాయిలర్_బాబాయ్
నీ మార్కులు అక్కడే పోయాయి. మొదటి లైన్ ఊరికే రాసేది కాదు. ఆ మూలం వేడి ఇస్తూ ఇస్తూ చల్లారే వస్తువైతే 1000ని 800తో భాగించడం కుదరదు, లాగరిథమ్‌తో వేరే లెక్క చేయాలి. మూడో లైన్ నువ్వు "సిస్టమ్ అంటే ఇంజన్ మాత్రమే" అని రాసి ఉంటే నీ సున్నాని తప్పనడానికి వీలుండేది కాదు.

రెండో_సూత్రం
ఇక్కడ ఒప్పుకోను. సిస్టమ్ ఏదో చెప్పాల్సింది ప్రశ్న ఇచ్చినవాళ్లు. వాళ్లు చెప్పకుండా, పిల్ల ఊహించలేదని ఆరు మార్కులు తీసేస్తారా? నేనూ పేపర్లు దిద్దినవాణ్నే. ఇలాంటి ప్రశ్నకి రెండు జవాబులకీ మార్కులు వేసేవాణ్ని.

బాయిలర్_బాబాయ్
"మీరు అనుకున్నవి రాయండి" అని అడిగారంటే ఎంపిక మీకే వదిలారని.

రెండో_సూత్రం
ఎంపిక వదిలినవాళ్లు ఒక ఎంపికకే తొమ్మిది ఎలా వేశారు మరి?

టేబుల్స్_చూడండి
నా రెండు మార్కుల సంగతి ఎవరూ చెప్పలేదు.

సింధు_03
రేపు పేపర్ తీసుకుని వెళ్లి అడుగుతాను. గోడ ఇంజన్ లెక్క కూడా పక్కన రాసుకున్నాను.