సేల్‌కి ముందు రాత్రి ధర తప్పుగా కనబడితే స్టాక్ సున్నా చేయడం తప్పా?

స్వాతి_నిజాంపేట: దసరా సేల్ అర్ధరాత్రి మొదలు. పదకొండుంబావుకి నేను రాసిన లిస్టింగులు లైవ్‌లో చూసుకుంటుంటే మూడు కడాయిల సెట్ 649కి కనబడింది. మేం అనుకున్న ధర 1,899. మేనేజర్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశా, ఎత్తలేదు. 11:48కి నేనే స్టాక్ సున్నా చేశా, అప్పటికే 37 ఆర్డర్లు పడ్డాయి. పొద్దున అందరి ముందూ "నీ పని రాయడం, ధరలు కాదు" అన్నారు. నాది తప్పా?

చిన్నషాపు: తప్పే కదమ్మా. స్టాక్ సున్నా అయితే డీల్ పేజీలోంచి పడిపోతాం, పండగ అమ్మకం మొత్తం పాయె. పోయినేడు మా కుర్రాడూ ఇదే చేశాడు. ధర మారిస్తే పోయేది.

గోడౌన్_బాలానగర్: మారిస్తే వెంటనే కనబడదు కదండీ. మా దగ్గరైతే షీట్ ఎక్కించాక అరగంట. ఆలోపు ఆర్డర్లు పడుతూనే ఉంటాయి. స్టాక్ ఆపితే త్వరగా ఆగుతుంది.

చిన్నషాపు: అరగంటా? మాకు పది నిమిషాలే.

గోడౌన్_బాలానగర్: సేల్ ముందు రాత్రి కూడానా?

చిన్నషాపు: పది నిమిషాలే అన్నా కదా.

లా_పాయింట్: పొరపాటు ధరకి ఒప్పందమే చెల్లదు. 37 క్యాన్సిల్ కొట్టేయండి, గొడవ వదిలిపోతుంది.

గోడౌన్_బాలానగర్: 1872 కాంట్రాక్ట్ చట్టం 22వ సెక్షన్ చూడండి సార్, ఒక్క పక్షం పొరపాటు పడినంత మాత్రాన ఒప్పందం రద్దు చేసుకోవడం కుదరదు. అది అలా ఉంచండి. స్వాతి గారూ, 1,899కి ఇంకో సెట్ లిస్టింగ్ కూడా లైవ్‌లో ఉందా? 649 దాని కోడ్ ఏంటి?

స్వాతి_నిజాంపేట: ఉంది. అది KD24-S3. 649ది KD24-1... అయ్యో.

గోడౌన్_బాలానగర్: అదీ సంగతి. ధర సరిగ్గానే ఉంది, ఒక్క కడాయిది. తప్పింది టైటిల్. ఎక్సెల్‌లో పై గడి కాపీ చేసి కింద పేస్ట్ చేస్తే "3 సెట్" అన్న మాట కింది వరసలోకీ దిగిపోతుంది, ధర మాత్రం కోడ్‌ని పట్టుకుని దాని చోటికే వస్తుంది. బరువు గడి చూడండి, ఒక్క కడాయి బరువే ఉంటుంది. ఇప్పుడు మావాళ్ళలాంటి వాళ్ళు కోడ్ చూసి ఒక్కటే ప్యాక్ చేస్తారు, కొన్నవాళ్ళేమో మూడొస్తాయని చూస్తుంటారు.

స్వాతి_నిజాంపేట: అంటే చివరికి నాదే తప్పంటారు! రాత్రి ఎనిమిదింటికి 140 లిస్టింగులు చేతిలో పెట్టి పదింటికల్లా కావాలన్నారు, రాసిందాన్ని ఇంకొకరు చూసే పనే లేదు మా దగ్గర. స్టాక్ సంగతి ఎవడిక్కావాలి, జీతంలో కోస్తామన్నారు, అందుకే అడిగా ఇక్కడ.

లా_పాయింట్: అదే ముందు చెప్పాల్సింది. కోస్తామన్నది రాతపూర్వకంగా ఇచ్చారా?

స్వాతి_నిజాంపేట: లేదు, నోటిమాటే.

చిన్నషాపు: మా కుర్రాడికి నేనూ వెయ్యి కోశాను. వాడు కోడ్ చూశాడో లేదో నేనడగలేదు.

గోడౌన్_బాలానగర్: స్వాతి గారూ, ఆ 37లో ఎన్ని బయల్దేరాయి?

స్వాతి_నిజాంపేట: 22. ఒక్కో కడాయి చొప్పునే.